మీ లెక్కా మా లెక్కా ఒకటేనా?

మార్చి ఎండింగ్ హడావుడి సద్దుమణిగాక, ఏప్రిల్, మే నెలల్లో హార్డ్‌వేర్ దుకాణాలకు, మందుల షాపులకు, జిన్నింగ్ మిల్లులకు, ప్రింటింగ్ ప్రెస్సులకు ఒక ఉత్తరం వస్తూ ఉంటుంది. పైన సరుకు అమ్మిన కంపెనీ లెటర్‌హెడ్, లోపల నాలుగైదు వాక్యాలు. మా పుస్తకాల ప్రకారం మార్చి 31 నాటికి మీ నుంచి మాకు రావలసిన బాకీ ఇంత. మీ లెక్కతో సరిపోతే సంతకం చేసి ముద్ర వేయండి. తేడా ఉంటే ఎందుకో రాయండి. జవాబు మాకు కాదు, మా ఆడిటర్లకు నేరుగా ఫలానా చిరునామాకు పంపండి. చివర్న, ఇది డబ్బు కట్టమని అడగడం కాదు, లెక్క చూసుకోవడానికి మాత్రమే అని కూడా ఉంటుంది. వ్యాపారులు దీన్ని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ అంటారు.

చాలా దుకాణాల్లో ఈ కాగితానికి పట్టే గతి రెండు రకాలు. గుమాస్తా అంకె చూడకుండానే ముద్ర కొట్టి పంపేస్తాడు, లేకపోతే అది బిల్లుల కట్టలో కలిసిపోతుంది. రెండూ నష్టమే. ఎందుకో తెలియాలంటే అవతలి ఒడ్డున కూర్చున్న ఆడిటర్ ఇబ్బంది ఏమిటో ముందు చూడాలి.

కంపెనీ లెక్కల్లో "డీలర్ల నుంచి రావలసింది 12 కోట్లు" అని ఉందనుకోండి. దానికి సాక్ష్యంగా చూపే బిల్లులు కంపెనీ కొట్టినవే. లెడ్జర్ కంపెనీ మనుషులు రాసిందే. లోడింగ్ రిజిస్టరు కూడా వాళ్ల గేటు దగ్గరిదే. వీటిలో ఎన్ని తిరగేసినా కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాటే మళ్లీ మళ్లీ వినబడుతుంది. అయితే అప్పు మీద జరిగిన ప్రతి అమ్మకమూ రెండు పుస్తకాల్లో పడుతుంది. అమ్మినవాడి పుస్తకంలో రావలసిన బాకీగా, కొన్నవాడి పుస్తకంలో ఇవ్వవలసిన బాకీగా. ఆ రెండో పుస్తకం మీద కంపెనీకి పెత్తనం లేదు. అందుకే ఆడిటర్ దాన్ని అడుగుతాడు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్లు పాటించవలసిన ఎస్ఏ 505 అనే ప్రమాణం ఈ పని గురించే. బయటి వ్యక్తి నుంచి నేరుగా ఆడిటర్‌కు రాతపూర్వకంగా అందిన జవాబే అందులో లెక్కకు వస్తుంది. ఫోన్ చేస్తే "సరిపోయిందండీ" అన్నారు, అంటే ఆ ప్రమాణం ప్రకారం అది కన్ఫర్మేషన్ కాదు.

ఒక ఉదాహరణ పూర్తిగా నడిపి చూద్దాం. విజయవాడ దగ్గర ప్లాస్టిక్ పైపులు తయారుచేసే ఒక కంపెనీ, ఖమ్మంలో దాని డీలరు ఒకాయన ఉన్నారనుకుందాం. కంపెనీ పంపిన ఉత్తరంలో బాకీ 18,42,600 రూపాయలు. డీలరు గారి గుమాస్తా ఈసారి ముద్ర కొట్టకుండా తన లెడ్జర్ తీసి చూశాడు. అందులో 15,71,320 ఉంది. తేడా 2,71,280. ఆయన ఉత్తరం మీద "మా లెక్క ఇది" అని రాసి, ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి 31 దాకా తన పార్టీ లెడ్జర్ నకలు జతచేసి ఆడిటర్‌కు పంపాడు. రెండు లెడ్జర్లనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ కనిపించే పద్దులకు టిక్కు కొట్టుకుంటూ పోతే చివరికి టిక్కు పడని పద్దులు నాలుగు మిగిలాయి.

మొదటిది 1,48,680 రూపాయల బిల్లు. మార్చి 30 తేదీతో విజయవాడలో బిల్లు కొట్టారు, లారీ బయలుదేరింది. ఖమ్మంలో సరుకు దిగింది ఏప్రిల్ 2న. కంపెనీ మార్చి అమ్మకంగా రాసుకుంది, డీలరు ఏప్రిల్ కొనుగోలుగా రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవరిది సరైనది? సరుకు ఫ్యాక్టరీ గేటు దాటగానే డీలరుదైపోతుందని ఒప్పందం ఉంటే కంపెనీ లెక్క సరైనది, డీలరు దాన్ని దారిలో ఉన్న సరుకుగా చూపుకోవాలి. దుకాణం దగ్గర దింపేదాకా బాధ్యత కంపెనీదే అయితే ఆ అమ్మకం ఏప్రిల్‌కి చెందుతుంది, కంపెనీ మార్చి లాభం ఆ మేరకు ఎక్కువ చూపినట్టే. జీఎస్టీ బిల్లు మార్చిలో ఉంది కదా అంటే సరిపోదు. సరుకు కదిలేటప్పుడు బిల్లు కొట్టాలని జీఎస్టీ నియమం. అమ్మకం ఏ సంవత్సరానికి చెందుతుందనేది వేరే ప్రశ్న. ఏడాది చివరి వారంలో అమ్మకాలు పెంచి చూపాలనుకునే కంపెనీలు తరచూ దొరికిపోయేది ఇక్కడే. పదిమంది డీలర్ల జవాబుల్లో ఇదే రకం తేడా వస్తే ఆడిటర్ ఇక ఖమ్మం ఖాతా ఒక్కదానితో ఆగడు, మార్చి చివరి వారం బిల్లులన్నిటికీ డెలివరీ కాగితాలు అడుగుతాడు.

రెండోది 75,000 రూపాయల చెక్కు. మార్చి 31 సాయంత్రం డీలరు దాన్ని కంపెనీ సేల్స్‌మన్ చేతికిచ్చి తన పుస్తకంలో ఖర్చు రాసేశాడు. సేల్స్‌మన్ ఏప్రిల్ 3న ఆఫీసులో ఇచ్చాడు. ఇందులో దాపరికం లేదు. కంపెనీ మనిషికి అందినప్పుడే కంపెనీకి అందినట్టు కాబట్టి, మార్చి 31 నాటికి బాకీలో తగ్గించి చేతిలో ఉన్న చెక్కుల కింద చూపితే చాలు.

మూడోది 23,600. ఫిబ్రవరిలో పగిలి వచ్చిన పైపులను డీలరు వెనక్కి పంపి డెబిట్ నోటు రాసుకున్నాడు. కంపెనీ గోడౌన్‌లో అవి దిగాయి, కాని అకౌంట్స్ విభాగానికి కాగితం చేరలేదు. క్రెడిట్ నోటు ఇవ్వాల్సిందే.

నాలుగోది 24,000. మొత్తాల్లో ఇదే దాదాపు చిన్నది, కాని ఆడిటర్ నిటారుగా కూర్చునేది దీని దగ్గరే. మార్చి 18న ఇదే సేల్స్‌మన్‌కు నగదు ఇచ్చినట్టు డీలరు దగ్గర తాత్కాలిక రసీదు ఉంది. కంపెనీ పుస్తకాల్లో ఆ జమ ఎక్కడా లేదు. కాస్త లోతుకు వెళ్తే బయటపడే కథ పాతదే. వసూలైన నగదు సేల్స్‌మన్ సొంతానికి వాడుకుంటాడు. ఏప్రిల్‌లో మధిర డీలరు ఇచ్చిన డబ్బును ఖమ్మం డీలరు ఖాతాలో జమ వేయిస్తాడు. మేలో సత్తుపల్లి వసూలును మధిర ఖాతాకు మళ్లిస్తాడు. ఏ ఖాతా చూసినా కొన్నాళ్లు ఆలస్యంగా డబ్బు వచ్చినట్టే కనిపిస్తుంది తప్ప పోయినట్టు కనిపించదు. ఈ తిప్పుడు బయటపడాలంటే డీలర్లందరినీ ఒకే తేదీ పేరు చెప్పి అడగాలి. ఒక చోట చిల్లు పూడ్చడానికి మరో చోట నుంచి తెచ్చినవాడు మార్చి 31 నాటికి ఎవరో ఒకరి ఖాతాలో తేడా వదలక తప్పదు. "సంవత్సరాంతపు బాకీ" అని ఒక్క తేదీకి కట్టుబడి అడగడంలో ఉన్న బలం అది.

ఇప్పుడు మొదటి బిల్లు కంపెనీ అమ్మకంగానే నిలిచిందనుకుంటే, మిగిలిన మూడూ సవరించాక డీలరు నిజంగా బాకీ ఉన్నది 17,20,000. ఉత్తరంలోని అంకె తప్పు, డీలరు అంకే కూడా తప్పే. ఇద్దరూ నిజాయితీపరులే, అయినా రెండు లక్షల డెబ్బై వేల తేడా. అనుభవమున్న ఆడిటర్లు తేడా చూపిన జవాబును చూసి బెంబేలెత్తరు. నాకైతే నూటికి నూరు జవాబులూ పైసా తేడా లేకుండా, వారం తిరక్కుండా వచ్చిన ఫైలే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. నిజమైన వ్యాపారంలో రెండు పుస్తకాలు అంత చక్కగా కలిసిరావడం అరుదు.

ఖమ్మం కథలో ఇంకొక చిన్న మార్పు ఊహించండి. ఆ ఉత్తరాన్ని ఆడిటర్ ఆఫీసు నుంచి పోస్టులో వేయకుండా, "ఎలాగూ ఆ లైన్‌లో వెళ్తున్నావుగా, సంతకాలు పెట్టించుకురా" అని అదే సేల్స్‌మన్ చేతికిచ్చారు. ఆయన 24,000 సంగతి తేలే కాగితాన్ని తెచ్చి ఇస్తాడా? డీలరుతో ఏదో చెప్పి సంతకం పెట్టిస్తాడు, కుదరకపోతే తానే ఒక ముద్ర చేయిస్తాడు. మన ఊళ్లలో ఈ పద్ధతి బాగా నడుస్తోంది. కంపెనీ మనుషులే ఉత్తరాలు పంచుతారు, కంపెనీ మనుషులే సేకరిస్తారు, కట్టగట్టి ఆడిటర్ ఫైల్లో పెడతారు. చూడటానికి ఫైలు నిండుగా ఉంటుంది. దాని విలువ మాత్రం సున్నా అని నిర్మొహమాటంగా చెప్పాలి.

ఎస్ఏ 505లో అన్నిటికంటే గట్టిగా ఉన్న మాట ఇదే. ఎవరిని అడగాలో ఎంచుకోవడం, చిరునామా సరైనదో కాదో చూడటం, ఉత్తరం పంపడం, జవాబు అందుకోవడం, ఇవన్నీ ఆడిటర్ అదుపులో ఉండాలి. ఉత్తరం కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉంటుంది, కంపెనీ సంతకమే ఉంటుంది, ఎందుకంటే తన లెక్క బయటివాళ్లకు చెప్పమని డీలరును కోరవలసింది కంపెనీయే. కాని కవరు పోస్టులో పడేది, మెయిల్ బయలుదేరేది ఆడిటర్ చేతి మీదుగా. జవాబు వచ్చేదీ అక్కడికే. ఇప్పుడు ఎక్కువ భాగం ఈమెయిల్‌లో జరుగుతోంది కాబట్టి చూడవలసిన చోట్లు మారాయి. కంపెనీ ఇచ్చిన మెయిల్ చిరునామా నిజంగా ఆ డీలరుదేనా? పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయిందా? జవాబు ఆ చిరునామా నుంచే వచ్చిందా, లేక కంపెనీ అకౌంటెంట్ "వాళ్లు నాకు పంపారు సార్" అని ఫార్వర్డ్ చేశాడా? డీలరు జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొట్టి చూస్తే ఆ పేరుతో వ్యాపారం ఉందో లేదో, ఏ ఊళ్లో ఉందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఈ దారి ఎవరి చేతిలో ఉండాలన్నది పుస్తకాల్లో రాసుకునే పట్టింపు మాత్రమే అనిపిస్తే సత్యం కంప్యూటర్స్‌ను తలుచుకోవాలి. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని చెప్పారు. కస్టమర్ల నుంచి రావలసినట్టు చూపిన 2,651 కోట్లలో 490 కోట్లు పెంచి రాసినవని కూడా అదే లేఖలో ఉంది. తర్వాత 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజ్ కమిషన్, ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అక్కడి ఆడిట్ నియంత్రణ సంస్థ మరో 15 లక్షల డాలర్లు వేసింది. ఆ ఉత్తర్వులో ఎత్తిచూపిన ప్రధాన లోపం ఏమిటంటే, బయటివాళ్ల నుంచి కన్ఫర్మేషన్లు తీసుకునే పనిని సరిగా చేయలేదని, అందుకే ఏళ్ల తరబడి మోసం బయటపడలేదని. ఆ సంస్థలు ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా రాజీకి వచ్చాయి. ఆ దెబ్బకు హైదరాబాద్‌లో ఎన్ని కుటుంబాలు ఏమైపోయాయో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

అసలు ఆడిటర్లు కస్టమర్లకు ఉత్తరాలు రాయడం తప్పనిసరి పని అయ్యింది కూడా ఒక మోసం తర్వాతే. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీలో 8 కోట్ల 70 లక్షల డాలర్ల ఆస్తుల్లో సుమారు కోటీ 90 లక్షలు కల్పితమని తేలింది. లేని సరుకు, లేని బాకీదార్లు. ఆడిటర్లు అప్పటి పద్ధతి ప్రకారం పుస్తకాలు చూశారు, బాకీదార్లను అడగలేదు, గోడౌన్‌కు వెళ్లలేదు. 1939 నుంచి ఆ రెండూ అక్కడి ఆడిట్‌లో మామూలు పనులయ్యాయి.

ఇక జవాబు రాకపోతే ఏమిటి? మన దగ్గర ఈ ఉత్తరాల అడుగున ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: "15 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే మా లెక్క సరైనదేనని భావిస్తాం." అలా భావించుకోవడానికి కంపెనీకి అడ్డు లేదు గాని, ఆడిటర్‌కు మౌనం సాక్ష్యం కాదు. ఉత్తరం చేరలేదేమో, గుమాస్తా సెలవులో ఉన్నాడేమో, అసలు ఆ డీలరే లేడేమో. తేడా ఉంటేనే రాయండి అని అడిగే పద్ధతిని ప్రమాణం ఒప్పుకుంటుంది. అయితే బాకీలు చిన్నవై, చాలామంది దగ్గర చెదిరి ఉండి, తప్పులు అరుదుగా ఉంటాయని ఆడిటర్‌కు వేరే దారిలో నమ్మకం కలిగినప్పుడు మాత్రమే. లక్షల్లో ఉన్న డీలరు బాకీకి అది పనికిరాదు.

అప్పుడు ఒకసారి గుర్తుచేస్తారు, ఆ తర్వాత వేరే దారి పడతారు. ఆ డీలరు నుంచి ఏప్రిల్, మే, జూన్‌లలో బ్యాంకులో పడ్డ డబ్బు చూస్తారు. ఏ బిల్లుకు వచ్చిందో పట్టుకుంటారు. డబ్బు రాని బిల్లులకు ఈ-వే బిల్లు, లారీ రసీదు, డెలివరీ చలానా మీద డీలరు ముద్ర అడుగుతారు. ఏప్రిల్ నెలాఖరులో డీలరు ఖాతా నుంచి వచ్చిన డబ్బు, ఒక్కోసారి సంతకం పెట్టిన ఉత్తరం కంటే గట్టి సాక్ష్యం. ఎందుకంటే ఉత్తరం ఒక్క సంగతే చెబుతుంది: బాకీ ఉంది అని. వసూలవుతుంది అని చెప్పదు. దివాలా అంచున ఉన్న డీలరు కూడా పైసా తేడా లేకుండా సంతకం పెట్టి పంపగలడు. వసూలు కాని బాకీకి ఎంత పక్కన పెట్టాలన్నది ఆడిటర్ వేరుగా తేల్చుకోవలసిందే.

సరుకు అమ్మిన సప్లయర్లకు రాసేటప్పుడు ఆలోచన తిరగబడుతుంది. కస్టమర్ల బాకీలను కంపెనీలు పెంచి చూపే ప్రమాదం ఉంటే, సప్లయర్లకు ఇవ్వాల్సినవి తగ్గించి చూపే ప్రమాదం ఉంటుంది. కాబట్టి పుస్తకాల్లో పెద్ద బాకీలున్న సప్లయర్లను మాత్రమే ఎంచుకుంటే అసలు చూడవలసింది తప్పిపోతుంది. ఏడాదంతా కోట్లలో కొని, మార్చి 31 నాటికి బాకీ సున్నా అని చూపిన సప్లయరును ముందు అడగాలి. పైగా ఉత్తరంలో అంకె వేయకుండా ఖాళీ వదిలి, "మీ లెక్క ప్రకారం మేము మీకు ఎంత ఇవ్వాలి? ఖాతా నకలు జతచేయండి" అని అడగడం మేలు. అంకె ముందే వేసి పంపితే చూడకుండా సంతకం పెట్టేవాళ్లు ఉంటారు. ఖాళీ గడి ఉంటే పుస్తకం తీయక తప్పదు. దీనివల్ల జవాబులు తగ్గుతాయన్నది నిజమే, కాని వచ్చినవి గట్టివి.

ఈమధ్య సప్లయర్ల ఉత్తరాల్లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడుగుతున్నారు. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదార్లకు, సేవలందించేవారికి చట్టం చెప్పిన గడువులోగా, అంటే ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించకపోతే, 2023-24 నుంచి ఆ ఖర్చు డబ్బు కట్టిన సంవత్సరంలోనే ఆదాయపు పన్నులో మినహాయింపుకు వస్తుంది. కాబట్టి మీకు ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ గడి ఖాళీ వదలకండి.

షేర్లు కొనేవాళ్లు కంపెనీ వార్షిక నివేదిక చివరి నోట్సులో ఒక వాక్యం వెతికి చూడాలి. రావలసిన, ఇవ్వవలసిన బాకీలు కన్ఫర్మేషన్‌కు, సర్దుబాటుకు లోబడి ఉన్నాయి అనే అర్థం వచ్చేది. ప్రభుత్వ రంగ సంస్థల నివేదికల్లోనూ ఇది కనిపిస్తుంది. ఈ అంకెల గురించి అవతలి పార్టీలు ఇంకా ఒప్పుకోలేదని కంపెనీయే చెబుతోందన్నమాట. బాకీల మొత్తం పెద్దదై, ఏటా ఇదే వాక్యం తిరిగి వస్తుంటే దాన్ని మామూలు మాటగా దాటేయకూడదు. ఫలానా పార్టీకి ఉత్తరం రాయొద్దని యాజమాన్యమే అడ్డుపడితే కారణం అడగాలని, అది సమంజసంగా లేకపోతే దాని ప్రభావం ఆడిట్ రిపోర్టు దాకా వెళ్లవచ్చని కూడా ఎస్ఏ 505 చెబుతుంది.

ఇక ఉత్తరం అందుకునే దుకాణదారు తెలుసుకోవలసిన చట్టం సంగతి ఒకటి ఉంది. అప్పు మీద అమ్మిన సరుకు డబ్బు కోసం కోర్టుకు వెళ్లడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ గడువు ముగియకముందే బాకీదారు రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకాన్ని అలాంటి ఒప్పుకోలుగా కోర్టుల ముందు పెడతారు. అమ్మినవాడికి ఇది రక్ష. పాత బాకీలున్న పార్టీల నుంచి ఏటా సంతకం తీసుకోవడం మానకూడదు. కొన్నవాడికి ఇది హెచ్చరిక. గుమాస్తా చూడకుండా కొట్టిన ముద్ర మీరు ఒప్పుకోని బిల్లుకు కూడా ప్రాణం పోయవచ్చు.

కాబట్టి ఆ ఉత్తరం వస్తే మూడు పనులు చేయండి. మీ లెడ్జర్ తీసి, మీ పుస్తకంలో ఉన్న అంకెనే రాయండి. తేడా ఉంటే ఖాతా నకలు జతచేయండి, ఒప్పుకోని బిల్లుల నంబర్లు పేరుపేరునా రాయండి. సేల్స్‌మన్ "నాకివ్వండి, నేను ఇచ్చేస్తా" అన్నా సరే, ఉత్తరంలో ఉన్న ఆడిటర్ చిరునామాకే పంపి, తేదీ వేసిన ప్రతి ఒకటి మీ ఫైల్లో ఉంచుకోండి.